హైదరాబాద్ నుంచి బొబ్బిలికి: టైం టేబుల్‌లో రోజు, కోడ్, హాల్ట్ ఎలా చదవాలి

ప్రశ్న: మేం లింగంపల్లిలో ఉంటాం. బొబ్బిలిలో మా మేనకోడలి పెళ్లి, ఆదివారం పొద్దున ముహూర్తం. శనివారం మధ్యాహ్నానికల్లా అక్కడ ఉండాలి. ఇద్దరు పెద్దవాళ్లు, సామాను ఉంది. హైదరాబాద్ అని కొడితే ఒక లిస్టు, సికింద్రాబాద్ అని కొడితే ఇంకో లిస్టు వస్తోంది. టైం టేబుల్‌లో 'రన్స్ ఆన్' దగ్గర ఉండే రోజు మేం ఎక్కే రోజేనా? డైరెక్ట్ బండి కుదరకపోతే ఎక్కడ మారాలి?

జవాబు:

కాదండి, అది మీరు ఎక్కే రోజు కాకపోవచ్చు. ఆ రోజు బండి మొదలయ్యే స్టేషన్‌ది. వారానికి రెండు మూడు రోజులే నడిచే బళ్ల విషయంలో జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రిజర్వేషన్ కౌంటర్‌లో పనిచేసినన్నాళ్లూ టికెట్ మార్చమని వచ్చినవాళ్లలో చాలామంది సమస్య ఇదే. అందుకే దీన్నే కాస్త వివరంగా చెబుతాను. ముందు కోడ్‌ల సంగతి చూద్దాం, ఎందుకంటే వెతుకులాట అక్కడే మొదలవుతుంది.

రైల్వే లెక్కలో మన ఊరు ఒక స్టేషన్ కాదు. నాంపల్లి కోడ్ HYB, సికింద్రాబాద్ SC, కాచిగూడ KCG, లింగంపల్లి LPI, చర్లపల్లి CHZ. మీరు హైదరాబాద్ అని కొడితే అది నాంపల్లి మాత్రమే. కొన్ని సైట్లు చుట్టుపక్కల స్టేషన్లను కూడా కలిపి చూపిస్తాయి, కొన్ని మీరు కొట్టిన కోడ్‌ని మాత్రమే పట్టుకుంటాయి. మీకు లిస్టులు వేరువేరుగా వచ్చింది అందుకే. కలిపి చూపించే సైట్‌లో ఇంకో ప్రమాదం ఉంది. మీరు HYB అని వెతికారు కాబట్టి బండి నాంపల్లిలోనే ఎక్కాలనుకుంటారు, కానీ ఆ వరసలో బయల్దేరే టైం పక్కన CHZ అనో KCG అనో ఉంటుంది. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైన తర్వాత, సికింద్రాబాద్ నుంచి వెళ్లే కొన్ని బళ్లను అక్కడికి మార్చారు. లింగంపల్లి వైపు నుంచి వచ్చే బళ్లు కొన్ని సికింద్రాబాద్ తాకకుండా సనత్‌నగర్, అమ్ముగూడ మీదుగా చర్లపల్లి వెళ్లిపోతున్నాయి. పాత అలవాటుతో స్టేషన్‌కి వెళ్లకండి. టికెట్ కొనేటప్పుడు ఎక్కే స్టేషన్ కోడ్ ఒకసారి, ప్రయాణం ముందు రోజు మరోసారి చూసుకోండి.

మీ వెతుకులాటకి SC, CHZ, KCG, HYB, LPI అన్నీ విడివిడిగా కొట్టి చూడండి. అయిదు నిమిషాల పని. అవతలి వైపు కూడా ఒక్క బొబ్బిలితో ఆపొద్దు. బొబ్బిలి కోడ్ VBL, దాని తర్వాత పార్వతీపురం PVP, ఇవతల విజయనగరం VZM. బొబ్బిలిలో ఆగని బండి పార్వతీపురంలో ఆగే అవకాశం ఉంది. అక్కడి నుంచి వెనక్కి పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూ దూరమే కాబట్టి ఆటోనో బస్సో సరిపోతుంది.

కోడ్‌ని ఊహించి కొట్టొద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. చాలా కోడ్‌లు బ్రిటిష్ వాళ్ల కాలంనాటి పేర్ల నుంచి వచ్చాయి. విజయవాడ BZA అయింది బెజవాడ వల్ల. మీరు వెళ్లే వైపే, విజయనగరం అవతల CHE అని ఒకటి ఉంది. అది చెన్నై అనుకునేవాళ్లు చాలామంది, కానీ అది శ్రీకాకుళం రోడ్, అంటే ఆమదాలవలస. చెన్నై సెంట్రల్ MAS. అక్షరాలు కొట్టగానే కింద వచ్చే పూర్తి పేరు చదివిన తర్వాతే ఎంచుకోండి.

ఇక రోజుల సంగతి. హైదరాబాద్ నుంచి బొబ్బిలికి డైరెక్ట్ బండి అంటే ముందు చూడాల్సింది నాగావళి ఎక్స్‌ప్రెస్. నాందేడ్‌లో మొదలై నిజామాబాద్, సికింద్రాబాద్, విజయవాడ, విశాఖపట్నం, విజయనగరం, బొబ్బిలి మీదుగా సంబల్‌పూర్ వెళ్తుంది. అది రోజూ నడిచే బండి కాదు, వారంలో కొన్ని రోజులే. పైగా మన ఊళ్లో మొదలవదు, నాందేడ్‌లో మొదలవుతుంది. ఈ రెండూ కలిసినప్పుడే లెక్క తప్పుతుంది.

చదివే పద్ధతి చూపించడానికి ఒక నమూనా షెడ్యూల్ వేస్తున్నాను. స్టేషన్లు ఆ దారివే గానీ, టైములు, రోజులు నాగావళివి కావు, నేను వేసినవి. అసలు టైములు మీరు వెతికే రోజున రైల్వే వాళ్ల ఎంక్వైరీ సైట్ NTES లో ఏమున్నాయో అవే ప్రమాణం.

```
Runs On: Mon Wed Sat
Stn    Arr    Dep    Halt  Day
NED    --     18:30   --    1
NZB    20:28  20:30    2    1
SC     00:10  00:25   15    2
KZJ    02:08  02:10    2    2
BZA    05:50  06:00   10    2
DVD    11:38  11:40    2    2
VSKP   12:30  12:50   20    2
VZM    13:50  13:55    5    2
VBL    14:48  14:50    2    2
```

ఇందులో అందరూ వదిలేసే గడి చివరిది, Day అని ఉన్నది. నాందేడ్ దగ్గర 1, సికింద్రాబాద్ దగ్గర 2. అంటే బండి మన దగ్గరికి వచ్చేసరికి తేదీ మారిపోయింది. సోమవారం నాందేడ్‌లో బయల్దేరిన బండి మనకి మంగళవారం 00:25 కి, బుధవారం బండి గురువారానికి, శనివారం బండి ఆదివారానికి దొరుకుతుంది. కాబట్టి సికింద్రాబాద్‌లో ఎక్కేవాళ్లకి దీని రోజులు మంగళ, గురు, ఆది. సూత్రం చిన్నదే: మీ స్టేషన్ దగ్గర Day గడిలో ఎంత ఉందో దాంట్లోంచి ఒకటి తీసేయండి, మిగిలినన్ని రోజులు 'రన్స్ ఆన్' రోజుకి కలపండి. Day 1 అయితే ఏమీ కలపక్కర్లేదు. ఢిల్లీ, కోల్‌కతా వైపు నుంచి వచ్చే దూరపు బళ్లలో 3 కూడా ఉంటుంది, అప్పుడు రెండు రోజులు కలపాలి.

ఇప్పుడు మీ పెళ్లికి దీన్ని పెట్టి చూద్దాం. టైం టేబుల్‌లో శనివారం కనిపించగానే 'శనివారం బండి ఉంది' అనుకుంటారు. కానీ ఆ బండి మీకు శనివారం రాత్రి పడుకునే వేళకి, తేదీ ప్రకారం ఆదివారం 00:25 కి వస్తుంది. బొబ్బిలి చేరేది ఆదివారం మధ్యాహ్నం 14:48 కి. ముహూర్తం అయిపోయి భోజనాలు కూడా ముగిసి ఉంటాయి. దాని ముందుది గురువారం 00:25 బండి. అది గురువారం మధ్యాహ్నానికే దింపేస్తుంది, మీకు కావాల్సిన దానికి రెండు రోజుల ముందు. అంటే డైరెక్ట్ బండి ఉంది, మీ దారిలోనే వెళ్తుంది, అయినా మీకు పనికిరాదు. నిజమైన షెడ్యూల్ తెరిచినప్పుడు కూడా ఈ లెక్కే వేయండి. ఎక్కే రోజుతో మొదలుపెట్టకండి. ముందు బొబ్బిలిలో దిగాల్సిన రోజు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి రండి. VBL దగ్గర Day ఎంత, SC దగ్గర ఎంత, నాందేడ్‌లో ఏ రోజు బయల్దేరితే అలా అవుతుంది, ఆ రోజు 'రన్స్ ఆన్' లో ఉందా.

అర్ధరాత్రి దాటిన టైముల దగ్గర ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. 00:25 గురువారం అంటే బుధవారం రాత్రి ఇంట్లో అన్నం తిని బయల్దేరాలి. గురువారం రాత్రి కాదు. గురువారం రాత్రి స్టేషన్‌కి వెళ్తే మీ బండి అప్పటికి ఒక రోజు ముందే వెళ్లిపోయి ఉంటుంది, డబ్బు కూడా తిరిగి రాదు. పన్నెండు నుంచి తెల్లవారుజాము మూడింటి వరకు ఉండే ఏ టైముకైనా టికెట్ బుక్ చేస్తే, ఇంట్లో అందరికీ 'ఫలానా రాత్రి పది గంటలకి ఇంట్లోంచి బయల్దేరాలి' అని ఇంటి టైముతో చెప్పండి. తేదీతో చెప్పొద్దు.

తత్కాల్ మీద ఆధారపడేవాళ్లకి కూడా ఈ Day గడి చాలా ముఖ్యం. తత్కాల్ తెరుచుకునేది మీరు ఎక్కే తేదీకి ఒక రోజు ముందు కాదు, బండి మొదలయ్యే స్టేషన్‌లో బయల్దేరే తేదీకి ఒక రోజు ముందు. ఏసీ క్లాసులకి పొద్దున పదింటికి, మిగతా క్లాసులకి పదకొండింటికి. మన నమూనాలో గురువారం 00:25 కి సికింద్రాబాద్‌లో ఎక్కేవాళ్లు బుధవారం పొద్దున కూర్చుంటే ఆలస్యం అయిపోతుంది. బండి నాందేడ్‌లో బుధవారమే బయల్దేరుతుంది కాబట్టి తత్కాల్ మంగళవారం తెరుచుకుంది. బుధవారం ఉదయం సైట్ తెరిచి 'వెయిటింగ్ లిస్టు చూపిస్తోందేంటి' అని టెన్షన్ పడేవాళ్లు నిజానికి ఒక రోజు లేటుగా వచ్చినవాళ్లు.

కొన్ని యాప్‌లు రోజుల్ని మీరు కొట్టిన స్టేషన్ ప్రకారం మార్చి చూపిస్తాయి, కొన్ని మొదలయ్యే స్టేషన్‌వే చూపిస్తాయి. ఏది ఎలా చూపిస్తోందో తేల్చుకోవడానికి తేలికైన మార్గం ఉంది. పూర్తి షెడ్యూల్ తెరిచి Day చూసి, మీ లెక్క ప్రకారం వచ్చిన తేదీకి రిజర్వేషన్ సైట్‌లో వెతకండి. ఆ సైట్‌లో మీరు ఇచ్చే తేదీ మీరు ఎక్కే స్టేషన్‌దే కాబట్టి, బండి కనబడితే లెక్క సరే. ముందు రోజు తేదీకి, తర్వాతి రోజు తేదీకి కూడా ఒకసారి కొట్టి చూస్తే అనుమానం మిగలదు. బండి నంబర్ సున్నాతో మొదలైతే అది స్పెషల్. దానికి ముగింపు తేదీ ఉంటుంది, మీ పెళ్లి తేదీ ఆ లోపలే ఉందో లేదో చూడండి. ఇవాళ వెతికితే కనిపించిన స్పెషల్ వచ్చే నెలలో ఉంటుందన్న నమ్మకం లేదు.

హాల్ట్‌ల దగ్గరికి వస్తే, మొదట తెలియాల్సింది బండి ఒక ఊరి మీదుగా వెళ్లడం వేరు, అక్కడ ఆగడం వేరు అని. షెడ్యూల్‌లో ఆ కోడ్ లేకపోతే అక్కడ ఆగదు, అంతే. 'సిగ్నల్ దగ్గర స్లో అవుతుంది, దిగిపోవచ్చు' అని ఎవరైనా చెబితే వినకండి, పెద్దవాళ్లతో అసలే వద్దు. మీ దారిలో ఈ విషయం ఎక్కువగా ఎదురయ్యేది విశాఖ దగ్గర. విశాఖపట్నం స్టేషన్‌లోకి వచ్చిన బండి విజయనగరం వైపు వెళ్లాలంటే వెనక్కి తిరగాలి. అందుకే VSKP దగ్గర ఇరవై నిమిషాల హాల్ట్ కనిపిస్తుంది. ఈ తిరుగుడు తప్పించుకోవడానికి దూరపు బళ్లు కొన్ని విశాఖ స్టేషన్‌కి పోకుండా దువ్వాడలో (DVD) ఆగి, సింహాచలం నార్త్, కొత్తవలస మీదుగా పక్కనుంచి వెళ్లిపోతాయి. షెడ్యూల్‌లో DVD ఉండి VSKP లేకపోతే అది అలాంటి బండి. దువ్వాడ నుంచి విశాఖకి రైలు దూరం పదిహేడు కిలోమీటర్లు. విశాఖలో బండి మారదామని ప్లాన్ వేసుకుని ఇలాంటిది ఎక్కితే, సామానుతో దువ్వాడలో దిగి సిటీకి మళ్లీ ఆటో వెతుక్కోవాల్సి వస్తుంది.

విశాఖలో తిరిగే బండి ఎక్కితే ఇంకో చిన్న సంగతి గుర్తుంచుకోండి. విశాఖలోకి వచ్చేటప్పుడు ఇంజిన్ పక్కన ఉన్న పెట్టె, విశాఖ తర్వాత చివరికి పోతుంది. పెట్టెల వరస తిరగబడుతుంది. బొబ్బిలిలో హాల్ట్ రెండు నిమిషాలే అనుకోండి, మిమ్మల్ని దించుకోవడానికి వచ్చినవాళ్లకి 'ముందు వైపు నాలుగో పెట్టె' అని విశాఖలోకి వచ్చేటప్పుడు చూసింది చెబితే వాళ్లు ప్లాట్‌ఫాం అవతలి కొసన నిలబడి ఉంటారు. విశాఖ దాటాక ఫోన్ చేసి చెప్పండి. సామాను కూడా విజయనగరం దాటగానే తలుపు దగ్గరికి చేర్చుకోవాలి. రెండు నిమిషాలంటే ఆరు బ్యాగులు, ఇద్దరు పెద్దవాళ్లు దిగడానికి ఖచ్చితంగా సరిపోయే టైమే తప్ప మిగులు ఉండదు.

ఇక మారడం గురించి. డైరెక్ట్ బండి రోజు కుదరలేదు అనుకుందాం. బొబ్బిలి లైన్ విజయనగరంలో చీలుతుంది, అక్కడి నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ వైపు పోతుంది. కాబట్టి మారాల్సిన చోటు విజయనగరం లేదా విశాఖ. ఈ రెండింటిలో ఏది మేలన్నది మొదటి బండిని బట్టి ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం బయల్దేరి శనివారం పొద్దున చేరే రోజువారీ బళ్లలో మీకు ముఖ్యమైనవి రెండు. విశాఖ ఎక్స్‌ప్రెస్ (17016) సికింద్రాబాద్ నుంచి నల్గొండ, గుంటూరు, విజయవాడ మీదుగా భువనేశ్వర్ వెళ్తుంది, విజయనగరంలో ఆగుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ (12728) నాంపల్లిలో మొదలై సికింద్రాబాద్, కాజీపేట మీదుగా విశాఖపట్నం వెళ్లి అక్కడే ఆగిపోతుంది. రెండూ మన ఊళ్లోనే మొదలవుతాయి, రెండూ రోజూ ఉంటాయి. కాబట్టి పైన చెప్పిన రోజుల గొడవ వీటికి లేదు. శుక్రవారం అంటే శుక్రవారమే, తత్కాల్ గురువారమే.

చూడగానే విశాఖ ఎక్స్‌ప్రెస్సే నయం అనిపిస్తుంది, ఎందుకంటే అది నేరుగా చీలే చోటుకే తీసుకెళ్తుంది. నేనూ మీకు దాన్నే ముందు చూడమంటాను. కానీ తర్వాతి బండికి మధ్య ఎంత టైం ఉండాలో లెక్క వేసేటప్పుడు రెండింటికీ తేడా ఉంది. టైం టేబుల్ వేసేవాళ్లు బండి ఆఖరి స్టేషన్ ముందు కాస్త అదనపు సమయం పెడతారు. గోదావరి షెడ్యూల్‌లో దువ్వాడ నుంచి విశాఖకి ఉన్న సమయం చూడండి. పదిహేడు కిలోమీటర్లకి నిజంగా పట్టే దానికంటే బాగా ఎక్కువ ఉంటుంది. దారిలో అరగంట లేటైన బండి కూడా అక్కడికి వచ్చేసరికి ఆ లేటు పూడ్చుకోవచ్చు. అదే విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి విజయనగరం మధ్యలో వచ్చే స్టేషన్, ఆఖరి స్టేషన్ భువనేశ్వర్. విజయనగరం ముందు ఆ వెసులుబాటు అంతగా ఉండదు. అందుకని నా పద్ధతి ఇది: మొదటి బండి ఆగిపోయే స్టేషన్‌లో మారితే గంటన్నర చాలు, మధ్య స్టేషన్‌లో మారితే రెండు గంటలకి తక్కువ పెట్టుకోను. తర్వాతి బండి ఆ రోజుకి అదే చివరిది అయితే ఆ ప్లానే వద్దంటాను.

మీరు ఎంచుకున్న బండి నిజంగా ఎంత లేటవుతుందో ఊహించక్కర్లేదు. NTES లో బండి నంబర్ కొట్టి గత కొన్ని రోజుల పరుగు తెరిచి, మీరు మారే స్టేషన్ వరస మాత్రమే చూడండి. ఆఖరి స్టేషన్‌కి టైముకే వచ్చిందని సంతోషపడొద్దు, మీరు దిగేది అక్కడ కాదు. ఆ వరసలో లేటు ఎక్కువ రోజులు ఇరవై నిమిషాల్లో ఉంటే రెండు గంటలు ధారాళం. ఒక్క రోజు మూడు గంటలు లేటై మిగతా రోజులు బాగుంటే దాన్ని పట్టించుకోవద్దు. సగం రోజులు గంట దాటుతుంటే ఆ బండిని మారడానికి వాడొద్దు.

రెండో బండి వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, తేదీ. మీరు హైదరాబాద్‌లో శుక్రవారం ఎక్కుతారు, కానీ విజయనగరం నుంచి బొబ్బిలికి వెతకాల్సింది శనివారం తేదీతో. చాలామంది రెండు టికెట్లూ ఒకే తేదీకి తీసేసుకుంటారు. రెండు, రిజర్వేషన్ సైట్‌లో రిజర్వేషన్ ఉన్న బళ్లే కనిపిస్తాయి. ప్యాసింజర్ బళ్లు అక్కడ రావు. VZM నుంచి VBL కి NTES లో వెతికితే ప్యాసింజర్లు కూడా వస్తాయి. వాటి నంబర్ 5 తో మొదలవుతుంది. VSKP నుంచి VBL కి కూడా ఒకసారి కొట్టండి, ఎందుకంటే విశాఖలో మొదలయ్యే బండిలో సీటు దొరకడం తేలిక, విజయనగరంలో ఎక్కేసరికి నిండిపోయి ఉండొచ్చు.

ఇంత చిన్న దూరానికి రిజర్వేషన్ అక్కర్లేదు. జనరల్ టికెట్ విజయనగరంలో దిగాక కౌంటర్‌లోనో యాప్‌లోనో తీసుకోండి. హైదరాబాద్‌లోనే ముందుగా కొనిపెట్టుకోవద్దు. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ తీసుకున్నాక మూడు గంటల లోపు, లేదా ఆ వైపు వెళ్లే మొదటి బండిలో ప్రయాణం మొదలుపెట్టాలి. దిగాక కొంటే మొదటి బండి లేటైనా మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

రెండు బళ్లకీ రిజర్వేషనే కావాలనుకుంటే, రెండో టికెట్ బుక్ చేసేటప్పుడు కనెక్టింగ్ జర్నీగా మొదటి పీఎన్‌ఆర్‌ని జత చేయండి. 2019 ఏప్రిల్ నుంచి ఈ వెసులుబాటు ఉంది. మొదటి బండి లేటై రెండోది తప్పిపోతే, రెండో టికెట్ డబ్బు కోత లేకుండా తిరిగి ఇస్తారు. దీనికి రెండు టికెట్లలో ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి, మొదటి టికెట్ దిగే స్టేషన్, రెండో టికెట్ ఎక్కే స్టేషన్ ఒకటే ఉండాలి. దువ్వాడలో దిగి విశాఖలో ఎక్కేలా తీసుకుంటే ఇది వర్తించకపోవచ్చు. మొదటి బండి నిజంగా చేరిన టైం నుంచి మూడు గంటల లోపే రీఫండ్‌కి పెట్టుకోవాలి. ఇంటికి వెళ్లాక తీరిగ్గా చూద్దామంటే కుదరదు.

ఇంత చెప్పాక మీ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీరు విజయనగరంలో పొద్దున దిగుతారు. అప్పటి నుంచి గంటా రెండు గంటల్లో బొబ్బిలికి బండి ఉంటే ఎక్కండి. లేదంటే స్టేషన్‌లో కూర్చోకుండా బస్సు ఎక్కేయండి. విజయనగరం నుంచి బొబ్బిలికి ఆర్టీసీ బస్సులు తరచుగా తిరుగుతాయి, గంటన్నర రెండు గంటల్లో చేరతారు. సామాను ఎక్కువైతే, నలుగురైదుగురు ఉంటే కారు మాట్లాడుకున్నా సరిపోతుంది. రైలు నుంచి రైలుకే మారాలన్న పట్టుదల వల్ల మధ్యాహ్నం దాకా ప్లాట్‌ఫాం మీద కూర్చున్న కుటుంబాలని చాలా చూశాను. శనివారం మధ్యాహ్నం అన్న మీ గడువుకి విశాఖ ఎక్స్‌ప్రెస్, తర్వాత బస్సు, ఇదే అన్నిటికన్నా నమ్మకమైన దారి. దాంట్లో బెర్త్ దొరక్కపోతే గోదావరి. విశాఖలో దిగి, అప్పటికి బొబ్బిలి వైపు బండి ఉంటే సరే, లేకపోతే అక్కడి నుంచి కూడా బస్సే.

మీ ఇంటి నుంచి సికింద్రాబాద్‌కి ఎంఎంటీఎస్ ఉంది గానీ, శుక్రవారం సాయంత్రం సామానుతో దాంట్లో ఎక్కడం పెద్దవాళ్లకి కష్టం. మధ్యాహ్నమే బయల్దేరండి లేదా క్యాబ్‌కి గంటన్నర పెట్టుకోండి. 'లింగంపల్లి నుంచే మొదలయ్యే బండి ఎక్కితే హాయి కదా' అనిపిస్తే జన్మభూమి ఉంది, అది విశాఖపట్నం వెళ్తుంది. కానీ అది పొద్దున బయల్దేరి పగలంతా నడిచి రాత్రికి చేరే బండి. శుక్రవారం సెలవు పెట్టుకుని, రాత్రి విశాఖలో బంధువుల ఇంట్లో ఆగే వీలుంటే మాత్రం పెద్దవాళ్లకి అదే సుఖం. శనివారం పొద్దున నిదానంగా బొబ్బిలి వెళ్లొచ్చు.

బుకింగ్ అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబర్ 1కి ముందు ఇది 120 రోజులు, ఇంకా పాత లెక్కే గుర్తున్నవాళ్లు ఉన్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో శుక్రవారం సాయంత్రం బళ్లు తొందరగా నిండిపోతాయి కాబట్టి బుకింగ్ తెరుచుకునే రోజు పొద్దున ఎనిమిదింటికే చూసుకోండి.

తిరుగు ప్రయాణానికి ఈ రోజుల్నే తిప్పి వాడకండి. తిరుగు బండి నంబర్ సాధారణంగా పక్క నంబరే ఉంటుంది గానీ దాని 'రన్స్ ఆన్' రోజులు వేరు, ఎందుకంటే అది సంబల్‌పూర్‌లో మొదలవుతుంది. VBL దగ్గర Day ఎంతో చూసి లెక్క మళ్లీ మొదటి నుంచి వేయండి. ఆదివారం రాత్రికో సోమవారానికో కుదిరితే తిరిగి వచ్చేటప్పుడు డైరెక్ట్ బండే తీసుకోండి, మారే పని ఉండదు. మీ పెళ్లి తేదీ, మీకు దొరికిన షెడ్యూల్‌లో SC, VBL వరసలు ఇక్కడ రాస్తే లెక్క సరిపోయిందో లేదో చూసి చెబుతాను.